గొల్లపూడికి ఒక ఉత్తరం

కిరాణా కొట్టుకి డబ్బు వచ్చే దారి మారిపోయింది, పోయే దారి మాత్రం మారలేదు. పాల ప్యాకెట్టుకొచ్చిన పిల్లాడి దగ్గర్నుంచి నెల సామాను పట్టుకెళ్లే టీచరమ్మ దాకా అందరూ కౌంటరు మీది స్కానరుకి ఫోను చూపించి వెళ్తున్నారు. ఆ డబ్బు గల్లాపెట్టెలో పడదు, నేరుగా బ్యాంకులో పడుతుంది. సరుకు దింపడానికి వచ్చిన వ్యాను దగ్గర మాత్రం నోట్లే కావాలి. అందుకని కొట్టు యజమాని పొద్దున్నే ఏటీఎంకి పోయి, తన ఖాతాలో పడ్డ డబ్బునే నోట్లుగా తీసుకొచ్చి, లెక్కపెట్టి, వ్యానుతో వచ్చిన కుర్రాడి చేతిలో పెడుతున్నాడు. ఆ కుర్రాడు సాయంత్రం షావుకారు దగ్గర మళ్లీ లెక్క అప్పజెబుతాడు. షావుకారు మర్నాడు దాన్ని తీసుకెళ్లి బ్యాంకులో కడతాడు. ఒక హద్దు దాటి నగదు కడితే కరెంటు ఖాతాకి బ్యాంకు రుసుము కూడా వేస్తుంది. బ్యాంకులో ఉన్న డబ్బు ఇంతమంది చేతుల్లో నలిగి మళ్లీ బ్యాంకుకే చేరుతోంది.

తెనాలిలో మా చెల్లెలి కొట్టులో జరుగుతున్నదీ ఇదే. బియ్యం, పప్పులు, పంచదార, నూనె అన్నీ విజయవాడ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లోని ఒకే షావుకారు దగ్గర తీసుకుంటుంది. వ్యాను సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి వస్తుంది. సోమవారం సరుకు సుమారు 22,000 రూపాయలది, గురువారం 18,000ది. దిగిన వెంటనే నగదు ఇస్తుంది కాబట్టి నూటికి రూపాయి చొప్పున సీడీ, అంటే క్యాష్ డిస్కౌంటు, బిల్లులోనే తగ్గుతుంది. మొన్నామధ్య ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇక నోట్ల కోసం తిరగలేకపోతున్నాను. వారానికోసారి ఆన్‌లైన్లో పంపిస్తామని షావుకారు గారికి ఒక మెయిల్ రాసిపెట్టవా?" అంది. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. డబ్బు పంపే పద్ధతులు నాకు కొత్త కాదు. కానీ ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాక, ఇందులో డబ్బు పంపే పద్ధతి చిన్న భాగమేనని అర్థమైంది.

ఆమె అడిగిన ఆ ఒక్క వాక్యంలో రెండు కోరికలున్నాయి. నోట్లకు బదులు బ్యాంకు ద్వారా ఇస్తామన్నది ఒకటి. సరుకు దిగిన రోజున కాక వారం చివర ఇస్తామన్నది రెండోది. మొదటిదాని వల్ల షావుకారుకి పోయేదేమీ లేదు, పైగా లెక్కపెట్టుకునే పని తప్పుతుంది. రెండోది మాత్రం అప్పు అడగడమే. ఈ రెంటినీ కలిపి "డిజిటల్" అనే మాట కింద పెట్టి పంపితే, ఆన్‌లైన్ పేరు చెప్పి గడువు అడుగుతున్నారని షావుకారు అనుకుంటాడు. బజార్లో ఆ అనుమానం చిన్నది కాదు. ఇన్నాళ్లూ చేతిలో డబ్బు పెట్టి సరుకు దింపుకున్న కొట్టు ఉన్నట్టుండి వారం ఆగమంటే, ఆ కొట్టు పరిస్థితి బాగాలేదేమోనని నాలుగు చోట్ల మాట పుడుతుంది. ఆ మాట పుట్టాక మిగిలిన షావుకార్లు కూడా అరువు బిగిస్తారు.

అందుకని ముందు ఆ రెండో కోరిక ఖరీదు ఎంతో లెక్క వేశాం. శనివారం సాయంత్రం డబ్బు పంపితే సోమవారపు 22,000 అయిదు రోజులు, గురువారపు 18,000 రెండు రోజులు షావుకారుకి అందకుండా ఉంటాయి. రెండూ కలిపి సగటున చూస్తే 40,000 రూపాయలు మూడు రోజుల పదహారు గంటలు ఆగినట్టు. తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకునే రెండు రూపాయల వడ్డీ కట్టినా వారానికి 96 రూపాయలవుతుంది. షావుకారు మోసే భారం అంతే. బ్యాంకు ఓడీ మీద నడిపేవాడైతే ఇంకా తక్కువ.

ఇప్పుడు మా చెల్లెలి వైపు నుంచి చూడండి. నగదు ఇవ్వడం లేదు కదా అని షావుకారు సీడీ ఎత్తేస్తే ఆమెకు వారానికి 400 పోతాయి. 40,000 రూపాయలను మూడు రోజుల పదహారు గంటలు వాడుకున్నందుకు నూటికి రూపాయి! ఏడాది లెక్కన చూస్తే అది దాదాపు నూటికి నూరు వడ్డీ. ఏ వడ్డీ వ్యాపారి దగ్గరా ఆమె ఆ ధరకు అప్పు తీసుకోదు. ఈ అంకె కాగితం మీద చూసేదాకా తనకూ తట్టలేదంది. "వారానికోసారి ఇవ్వడం" అన్న సౌకర్యం వింటే హాయిగానే ఉంటుంది. సీడీ పోగొట్టుకుని ఆ సౌకర్యం తీసుకుంటే మాత్రం కొట్టుకి నష్టం. కిరాణాలో పంచదార మీదా నూనె మీదా మిగిలేదే నూటికి రెండు మూడు రూపాయలు. అందులో ఒక రూపాయి వదులుకోవడమంటే సామాన్యం కాదు.

సీడీ పూర్తిగా ఉంచమని అడగడం న్యాయం కాదు, పూర్తిగా వదులుకోవడం తెలివి కాదు. మధ్యలో ఎక్కడ ఆగాలో లెక్కే చెప్పింది. రూపాయికి బదులు ముప్పావలా సీడీ ఇస్తే ఆమె వారానికి 100 వదులుకుంటుంది. ఆయనకయ్యే వడ్డీ 96. ఎవరికీ నష్టం లేదు. ఉత్తరంలో గట్టిగా నిలబడగలిగే వాక్యం ఇదొక్కటేనని నాకు అనిపించింది, మిగతాదంతా దాని చుట్టూ కట్టాం.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకున్నాం. మెయిల్ ముందుగా తెరిచేది షావుకారు కాదు, ఆయన గుమాస్తా. ఖాతా పుస్తకం చూసేదీ, జమ వేసేదీ అతనే. కాబట్టి మర్యాద షావుకారుకి అందాలి, వివరాలు గుమాస్తాకి పనికిరావాలి. పెద్ద మాటలు, డిజిటల్ భారతం గురించి ఉపన్యాసం ఇద్దరికీ అక్కర్లేదు. చివరికి మా చెల్లెలు తన మాటల్లో రాసి పంపిన ఉత్తరం ఇది:

"విషయం: తెనాలి కొట్టు ఖాతా, చెల్లింపు పద్ధతి మార్పు.

షావుకారు గారికి నమస్కారం. ఇన్నేళ్లుగా మీ దగ్గర సరుకు తీసుకుంటూ దిగిన రోజునే నగదు ఇస్తున్నాం. ఈ రోజుకి మేము మీకు బాకీ లేము. మీ పుస్తకంలో తేడా ఏమైనా కనిపిస్తే దయచేసి తెలియజేయండి.

మా అమ్మకాల డబ్బు ఇప్పుడు ఎక్కువగా బ్యాంకులోనే పడుతోంది. నోట్ల కోసం సోమ, గురువారాల్లో కొట్టు వదిలి వెళ్లాల్సి వస్తోంది. అందుకని రెండు సంగతులు అడుగుతున్నాను.

మొదటిది, ఇకమీదట నగదుకి బదులు మీ సంస్థ కరెంటు ఖాతాకి బ్యాంకు ద్వారా పంపుతాను. రెండోది, సోమ, గురువారం బిల్లులు కలిపి శనివారం సాయంత్రం ఆరు లోపు పంపుతాను. దీనివల్ల మీ డబ్బు కొన్ని రోజులు ఆగుతుందని నాకు తెలుసు. అందుకు సీడీ రూపాయికి బదులు ముప్పావలా ఇవ్వండి. రెండోది మీకు కుదరకపోతే మొదటిదైనా ఒప్పుకోండి. సరుకు దిగిన రోజే పంపుతాను, అప్పుడు సీడీ ఎప్పటిలాగే రూపాయి ఉంచండి.

ముఠా కూలి, వ్యాను కిరాయి ఎప్పటిలాగే అక్కడికక్కడ నగదుగా ఇస్తాను. తరుగు గానీ డ్యామేజీ గానీ ఉంటే దిగిన మర్నాటి లోపు ఫోటోతో తెలియజేస్తాను. మీరు ఒప్పుకుని క్రెడిట్ నోటు ఇచ్చాకే తగ్గిస్తాను, నా అంతట నేను కోయను. డబ్బు పంపగానే బిల్లు నంబర్లు, యూటీఆర్ నంబరు ఈ మెయిల్‌కే జవాబుగా పెడతాను.

ఖాతా వివరాలు మీ సంస్థ ముద్రతో ఉన్న కాగితం మీద ఇప్పించండి. ఎప్పుడైనా ఖాతా మారిందని మెయిల్ గానీ మెసేజ్ గానీ వస్తే, మీకు స్వయంగా ఫోన్ చేసి కనుక్కునేదాకా కొత్త ఖాతాకి పంపను. నాలుగు వారాలు చూద్దాం. మీకు నచ్చకపోతే పాత పద్ధతికే వస్తాను."

ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చెప్పాలి. "ఈ రోజుకి బాకీ లేము" అనే వాక్యం మొదట్లోనే ఉంది. కష్టంలో పడి అడుగుతున్నది కాదని అది చెబుతుంది. ఆ తేదీ నాటికి ఖాతా సున్నా అని రాతపూర్వకంగా నిలబెట్టేదీ అదే. పద్ధతి మారే రోజున పాత లెక్క తేలకపోతే, కొత్త పద్ధతిలో వచ్చే ప్రతి తేడానీ ఎవరో ఒకరు పాత బాకీ కింద తోసేస్తారు. బ్యాంకులో ఉన్నప్పుడు వ్యాపారస్తుల తగవులు చాలా చూశాను. వాటిలో సగం ఏ రోజు నుంచి లెక్క మొదలుపెట్టాలన్న దగ్గరే ఆగిపోయేవి.

ముఠా కూలీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. షావుకార్లు నగదు అడగడానికి నిజమైన కారణాల్లో అదొకటి. లారీ దింపిన ముఠాకి సాయంత్రం చేతిలో డబ్బు పెట్టాలి, ఆటో వాళ్లకి ఇవ్వాలి, డీజిలు పోయించాలి. కొట్ల నుంచి వచ్చే నగదే ఆయనకు ఆ రోజు ఖర్చుకి ఆధారం. అందరూ ఒక్కసారిగా బ్యాంకు ద్వారా పంపుతామంటే ఆయన కూడా ఏటీఎం దగ్గర నిలబడాల్సి వస్తుంది. తన కొట్టు దగ్గర అయ్యే కూలి తను నోట్లలోనే ఇస్తానని చెప్పడం ఆయన ఇబ్బంది ఆమెకు తెలుసునని చెప్పడమే.

తరుగు విషయంలో నగదు చెల్లింపుకి ఒక గొప్ప సౌలభ్యం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. బస్తా తూకం వేస్తే రెండు కిలోలు తక్కువొచ్చింది, నూనె ప్యాకెట్లు కారాయి. వ్యాను కుర్రాడి ఎదుటే ఆ మేరకు తగ్గించి ఇచ్చేస్తే అక్కడితో తెగిపోతుంది. బ్యాంకు ద్వారా పంపితే ఆ ఎదురెదురు తీర్పు ఉండదు. మా చెల్లెలి కొట్టులోనే ఒక వారం కందిపప్పు బస్తాలో 220 రూపాయల తరుగు, కారిన నూనె ప్యాకెట్లు 840 రూపాయలవి వచ్చాయి. సీడీ సంగతి పక్కన పెడితే పంపాల్సింది 38,940. తనే కోసుకుని పంపేస్తే గుమాస్తా పుస్తకంలో 1,060 బాకీగా నిలబడిపోతుంది. ఎందుకు తగ్గిందో అతనికి తెలియదు. వారం వారం ఇలాంటివి పోగై మార్చి నెలాఖరుకి ఖాతాలు సరిచూసుకునేటప్పుడు ఇద్దరికీ గుర్తుండవు. క్రెడిట్ నోటు వచ్చాక తగ్గిస్తే ఆ కాగితమే సాక్ష్యం.

ఇదే కారణానికి గుండు మొత్తాలు పంపకూడదని కూడా ఆమెకు చెప్పాను. చాలా కొట్లవాళ్లు "ఓ నలభై వేసేశానండీ" అంటారు. గుమాస్తా దాన్ని ఏ బిల్లుకి జమ వెయ్యాలో తెలియక ఖాతా మీద జమ అని రాసుకుంటాడు. రెండు నెలలు పోయేసరికి తీరిన బిల్లు ఏదో, తీరనిది ఏదో టాలీ కూడా చెప్పలేదు. బిల్లు ఎంతుందో పైసలతో సహా అంతే పంపాలి, పంపేటప్పుడు వివరాల గడిలో బిల్లు నంబర్లు రాయాలి. ఖాతా చెడుతోందనడానికి మొదటి గుర్తు ఇదే: షావుకారు చెప్పే బాకీ, మీరు చెప్పే బాకీ ఏ ఒక్క బిల్లు మొత్తంతోనూ సరిపోలని అంకెగా తేలడం.

ఇక పంపే దారి. యూపీఐలో మామూలుగా రోజుకి లక్ష దాకా పంపవచ్చు కాబట్టి 40,000కి అదీ చాలు. అయినా వ్యాపారపు చెల్లింపుకి నేను నెఫ్ట్ మంచిదన్నాను. 2019 డిసెంబరు నుంచి అది ఆదివారాలు, సెలవులు లేకుండా రాత్రీ పగలూ అరగంటకో విడతగా నడుస్తోంది. విడత ముగిసిన రెండు గంటల్లో అవతలి బ్యాంకు జమ చెయ్యాలి, లేదా డబ్బు వెనక్కి పంపాలి. యూటీఆర్ నంబరు రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లలోనూ ఒకటే ఉంటుంది, గుమాస్తా దాన్ని పట్టుకుని వెతుక్కోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ తెలియాలి. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరు చూసి పడుతుంది, మనం రాసిన పేరు చూసి కాదు. ఒక అంకె తప్పితే అది ఇంకెవరి ఖాతాలోనైనా పడొచ్చు. ఆ మనిషి ఒప్పుకుంటే తప్ప బ్యాంకు దాన్ని వెనక్కి లాగలేదు. 2025 ఏప్రిల్ కల్లా బ్యాంకులన్నీ ఖాతాదారు పేరు ముందే చూపించే ఏర్పాటు పెట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ పేరు చదివి, ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని షావుకారు నోటితో విన్నాకే పెద్ద మొత్తం పంపాలి. కొత్తగా చేర్చిన ఖాతాకి మొదటి రోజు తక్కువ హద్దు పెట్టే బ్యాంకులున్నాయి, కాబట్టి ఈ పని శనివారం సాయంత్రం మొదలుపెట్టకూడదు.

ఖాతా మారితే ఫోన్ చేస్తానన్న వాక్యం గురించి మా చెల్లెలు కాస్త మొహమాటపడింది. షావుకారు గారిని అనుమానించినట్టు ఉంటుందేమో అంది. అది ఆయన మీద అనుమానం కాదు, ఆయన పేరు పెట్టుకుని రాసేవాడి మీద. ఎవరి మెయిల్ పాస్‌వర్డో దొంగిలించి, వాళ్ల పాత ఉత్తరాలు చదివి, సరిగ్గా చెల్లింపు రోజున "మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ వారం ఈ కొత్త ఖాతాకి పంపండి" అని రాసే మోసం ప్రపంచమంతా ఉంది. చిన్న కొట్లు అందుకు మినహాయింపు కాదు. ఉత్తరం నిజంగా ఆయన చిరునామా నుంచే వస్తుంది కాబట్టి చూసి పట్టుకోలేరు. ఎప్పట్నుంచో మన ఫోనులో ఉన్న నంబరుకి మనమే ఫోన్ చెయ్యడం ఒక్కటే దారి. ఆ ఉత్తరంలో ఇచ్చిన నంబరుకి చేస్తే మోసగాడే ఎత్తుతాడు. ఒకవేళ పంపేస్తే గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటకముందు ఆపగలిగితేనే ప్రయోజనం.

ఇంకో చిక్కు ఇంతకంటే దగ్గర్లో ఉంటుంది. "అక్కా, నా నంబరుకి కొట్టెయ్యండి, సాయంత్రం షాపులో కట్టేస్తాను" అంటాడు వసూలుకొచ్చే కుర్రాడు. చాలాసార్లు నిజంగానే కట్టేస్తాడు. అతను ఉద్యోగం మానేసిన నెలలో ఆ నెల చెల్లింపులన్నీ తగాదాలోకి వస్తాయి. కాగితం మీద చూస్తే మీరు షావుకారుకి ఇవ్వలేదు, ఒక మనిషికి పంపారు. కుర్రాడు ఎంత మంచివాడైనా డబ్బు సంస్థ ఖాతాకే వెళ్లాలి. అది అతనికీ రక్షణే, రేపు లెక్క తేడా వస్తే అతని మీద పడదు.

షావుకారు వైపున్న భయం వేరు. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపించి సరుకు దింపించుకునేవాళ్లు ఆయనకు ఎదురయ్యే ఉంటారు. అందుకే ఉత్తరంలో స్క్రీన్‌షాట్ ఊసే లేదు. రుజువు ఆయన ఖాతాలో పడ్డ జమ మాత్రమే, యూటీఆర్ దాన్ని వెతకడానికి ఆనవాలు.

చెప్పకుండా వదిలేస్తే ఈ విషయం పూర్తి కాని మాట ఇంకొకటుంది. ఇలాంటి ఉత్తరాలు చాలావాటికి జవాబు రాకపోవడానికి వడ్డీ, సీడీ కారణం కాదు. కొంత సరుకు బిల్లు లేకుండా నడుస్తుంది. బజార్లో జీరో దందా అంటారు దాన్ని. బ్యాంకు ద్వారా వచ్చిన ప్రతి రూపాయికీ బిల్లు చూపించాలి కాబట్టి, అలాంటి షావుకారు నగదే కావాలంటాడు. కొట్టువాళ్లలోనూ అలా కావాలనేవాళ్లు లేకపోలేదు. ఆ సరుకులో చౌక కనిపిస్తుంది గానీ, పురుగు పట్టిన బస్తా వెనక్కి ఇవ్వడానికి చేతిలో కాగితం ఉండదు. మీ ఉత్తరానికి "అవన్నీ ఎందుకమ్మా" అన్న జవాబు మాత్రమే వస్తే, ఆ మాట వెనక ఏముందో ఆలోచించుకోవాలి.

చట్టం మాత్రం నగదుకి దూరంగానే జరుగుతోంది. లెక్కల పుస్తకాలు రాసి లాభం చూపించే వ్యాపారి ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు చెల్లిస్తే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చుని ఒప్పుకోరు. 2017 ఏప్రిల్‌కి ముందు ఈ హద్దు 20,000 ఉండేది. 22,000 బిల్లుని మూడు ముక్కలు చేసి ఒకే రోజు ఇచ్చినా ప్రయోజనం లేదు, రోజు మొత్తం కలిపే చూస్తారు. షావుకారుకి ఇంకా పెద్ద లాభం ఒకటుంది. అమ్మకాలు కోటి దాటితే మామూలుగా పన్ను ఆడిట్ చేయించుకోవాలి. రాబడిలోనూ చెల్లింపుల్లోనూ నగదు అయిదు శాతం మించకపోతే ఆ హద్దు పది కోట్లు. ఒక్క తెనాలి కొట్టు మారితే ఆయనకు అది దక్కదు గానీ, కొట్లన్నీ ఒక్కొక్కటిగా మారితే దక్కుతుంది. ఈ సంగతులేవీ ఉత్తరంలో రాయనివ్వలేదు. సరుకు ఇచ్చే పెద్దమనిషికి చట్టం గుర్తుచేస్తే బెదిరించినట్టుంటుంది. ఆయన ఆడిటరు చెబితే ఆ మాటకు విలువ వేరు.

జవాబు మెయిల్లో రాలేదు, షావుకారు గారే ఫోన్ చేశారు. ముప్పావలాకి ఒప్పుకున్నారు. రోజు మాత్రం మార్చమన్నారు. "శనివారం వద్దమ్మా, శుక్రవారం రాత్రికి పడాలి. శనివారం పొద్దున్నే మిల్లులకి నేను పంపాలి" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన వ్యాపారం ఏ రోజు మీద నడుస్తుందో తెలిసింది. సోమవారపు డబ్బు నాలుగు రోజులకీ, గురువారపుది మర్నాటికీ అందుతుంది కాబట్టి ఆయన ఎదురుచూపూ తగ్గింది. మా చెల్లెలికి శుక్రవారమైనా ఒకటే, ఖాతాలో డబ్బు ఎలాగూ ఉంటుంది. ఫోన్‌లో అనుకున్నదంతా ఆమె ఆ రాత్రే నాలుగు వాక్యాల్లో మెయిల్ చేసింది, గుమాస్తా "సరేనండి" అని జవాబు పెట్టాడు. ఆ "సరేనండి" ఇద్దరి మధ్యా ఒప్పందపు కాగితం.

మొదటి నెలలోనే ఒక తేడా బయటపడింది. కారిన నూనె ప్యాకెట్ల క్రెడిట్ నోటుని గుమాస్తా పొరపాటున వేరే ఊరి కొట్టు ఖాతాలో వేశాడు. ఆమె పంపిన అంకె, అతని పుస్తకంలో అంకె శుక్రవారం రాత్రి కలవలేదు, శనివారం పొద్దున్నే దొరికిపోయింది. అదే మార్చి దాకా పడి ఉంటే ఆ 840 ఎవరిదో తేల్చడం కష్టమయ్యేది. నోట్ల కోసం కొట్టు వదిలి వెళ్లడం తప్పింది, ఇప్పుడు ఇంకో ఇద్దరు సరఫరాదారులకు కూడా అదే ఉత్తరాన్ని సీడీ లెక్క మార్చి పంపాలనుకుంటోంది. వాళ్లలో ఒకరు సీడీ ఇవ్వరు, పదిహేను రోజుల అరువు ఇస్తారు. అక్కడ వారానికోసారి ఇస్తామంటే అడగాల్సింది ఆమె కాదు, ఆయనే సంతోషంగా ఏదైనా తగ్గించాలి.

హోల్‌సేల్ వ్యాపారం చేసే పెద్దలకు నా మనవి ఒక్కటే. మీ సంస్థ ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, లెక్కలు చూసే మనిషి ఫోన్ నంబరు మీ బిల్లు పుస్తకం మీద అచ్చు వేయించండి. దాని కిందే "మా మనుషుల సొంత నంబర్లకు డబ్బు పంపకండి" అని కూడా వేయించండి. చిన్న కొట్టు నుంచి ఇలాంటి ఉత్తరం వస్తే ఫోన్‌లో చెప్పినదాన్నే గుమాస్తా చేత రెండు ముక్కలు రాయించి పంపండి. కుదరదనుకుంటే కుదరదనే రాయండి. అడిగినవాళ్లు వచ్చే సోమవారం నోట్లు తేవాలో అక్కర్లేదో వాళ్లకు తెలియాలి.